బొటనవేలు పక్కకు తీయమనండి

ప్రశ్న: సంతలో ఆవునో మేకనో కొనేటప్పుడు పళ్లు చూసి వయసు ఎలా చెప్పాలి? మోసపోకుండా ఇంకా ఏమేం చూసుకోవాలి?

నేను ఈ విద్య మోసపోయాక నేర్చుకున్నవాణ్ణి. అందుకే ముందు ఆ ముచ్చటే చెప్తాను.

పద్నాలుగేళ్ల కింద మొదటిసారి ఆవును కొనడానికి సంతకెళ్లాను. అప్పటికి నాకు తెలిసిందల్లా ఒక్కటే: రెండు పళ్లూ నాలుగు పళ్లూ అంటే పడుచుది, ఎనిమిదీ వేస్తే ముదిరినట్టు. తోడుగా మా చిన్న మామయ్యను తీసుకెళ్లాను. ఆయనకు పశువుల గురించి నిజంగానే తెలుసు. కానీ సంతలో అడుగు పెట్టగానే ఎవరో పాత స్నేహితుడు కనబడ్డాడు, ఇక ఆ మాటల్లో మునిగిపోయాడు. సంతకు తోడు తీసుకెళ్తే మాటకారిని మాత్రం తీసుకెళ్లకండి. ఇది పళ్లకంటే ముఖ్యమైన సలహా.

ఎర్రావు. కొమ్ములకు నూనె రాసి నిగనిగలాడించారు. పక్కన దూడ. అమ్మేవాడు చాలా మర్యాదగా "నాలుగు పళ్లండీ, రెండో ఈత. కావాలంటే మీరే చూసుకోండి" అన్నాడు. అన్నాడే గానీ చూపించింది తనే. ఒక చేత్తో ముట్టె పట్టుకుని, రెండో చేత్తో కింది పెదవి దించాడు. బొటనవేలు ఒక పక్క, చూపుడువేలు ఇంకో పక్క. మధ్యలో నాలుగు వెడల్పాటి పళ్లు కనిపించాయి. లెక్కపెట్టాను, నాలుగే. ఆవు తల విదిలించింది, వాడు వదిలేశాడు. మొత్తం రెండు సెకన్లు. నేనేదో అంతా తెలిసినవాడిలా తలూపి బేరంలోకి దిగాను.

ఇంటికొచ్చిన రెండో రోజున గాడి దగ్గర పచ్చి పచ్చిగా నమిలి ఉమ్మేసిన గడ్డి ఉండలు కనిపించాయి. పేడలో కూడా గడ్డి పోచలు పొడుగ్గా, అరక్కుండా అలాగే ఉన్నాయి. టెన్షన్ పట్టుకుని పక్కింటి పెద్దాయన్ని పిలిచాను. ఆయన ఏమీ మాట్లాడకుండా దాని మెడ పక్కన నిలబడి, చెయ్యి ముఖం మీదుగా వేసి, పెదవి పూర్తిగా కిందికి లాగాడు. "లెక్కపెట్టు" అన్నాడు. ఎనిమిది. అమ్మేవాడి వేళ్ల కింద ఇటు రెండు, అటు రెండు దాక్కున్నాయన్నమాట. నడిమి పళ్లు అరిగి పొట్టిగా, పైభాగం చదునుగా ఉన్నాయి. అరిగిన చోట ముదురు రంగు చుక్క. చివరి పళ్లే కాస్త ఎత్తుగా మిగిలాయి. "ఇది నీ దగ్గరికి రాకముందే ఐదారు ఈతలు చూసుంటుంది బాబూ" అన్నాడు. తర్వాత వచ్చిన పశువుల డాక్టరు తొమ్మిదేళ్లు దాటిందన్నాడు.

ఇందులో నా తప్పు పళ్లు సరిగ్గా లెక్కపెట్టకపోవడం ఒక్కటే కాదు. అసలు "నాలుగు పళ్లు, రెండో ఈత" అన్న మాటే కుదరదు. ఆ మాట వినగానే అక్కడినుంచి లేచి రావాల్సింది. ఎందుకో చెప్తాను, ఈ లెక్క పట్టుబడితే సగం మోసాలు నోరు తెరవకుండానే తేలిపోతాయి.

ఆవుకు పైదవడలో ముందుపళ్లు ఉండవు, గట్టి చిగురు మాత్రమే ఉంటుంది. (మా స్నేహితుడొకడు సంతలో "దీనికి పైపళ్లన్నీ ఊడిపోయాయి కదయ్యా" అని అమ్మేవాణ్ణి నిలదీశాడు. చుట్టూ ఉన్నవాళ్ల నవ్వు ఇప్పటికీ మర్చిపోలేడు.) కిందదవడలో ముందుపళ్లు ఎనిమిది, అంటే నాలుగు జతలు. దూడకు నెల తిరిగేసరికి ఎనిమిది పాలపళ్లూ వచ్చేస్తాయి. తర్వాత అవి జతలుగా ఊడి, వాటి చోట అసలు పళ్లు వస్తాయి. ముందు నట్టనడిమి జత, ఆపైన దాని పక్క జత, అలా చివరి దాకా. సంతలో "రెండు పళ్లు" అంటే అసలు పళ్లు రెండు వచ్చాయని, మిగతా ఆరు ఇంకా పాలపళ్లే అని. నోట్లో రెండే పళ్లున్నాయని కాదు.

సంకర జాతి ఆవుల్లో మొదటి జత సుమారు రెండేళ్లకు వేస్తుంది, కొన్నిట్లో ఇంకొంచెం ముందే. రెండో జత రెండున్నర దగ్గర, మూడోది మూడు దాటాక, నాలుగోది మూడున్నర నుంచి నాలుగేళ్ల మధ్యలో. నాటు ఆవులు ప్రతి మెట్టులోనూ ఆర్నెల్ల దాకా ఆలస్యం చేస్తాయి, చివరి జతకైతే ఐదో ఏడు కూడా రావచ్చు. గేదెలు ఇంకా నిదానం. మొదటి జతకే రెండున్నర, మూడేళ్లు పడుతుంది. ఆవు లెక్క గేదెకు పెడితే గేదెను ఉన్నదానికంటే చిన్నదనుకుంటారు.

ఇప్పుడు ఈతల లెక్క పక్కన పెట్టండి. ఆవు చూలు మోసేది తొమ్మిది నెలల పైచిలుకు. బాగా మేపిన సంకర ఆవు కూడా మొదటిసారి ఈనేది రెండున్నరకో మూడుకో. ఈతకూ ఈతకూ మధ్య ఎంత లేదన్నా ఏడాది. అంటే రెండో ఈత నాటికి మూడున్నరో నాలుగో వచ్చి ఉండాలి. అప్పటికి నోట్లో ఆరు పళ్లో ఎనిమిదో ఉండాలి గానీ నాలుగు కాదు. నాటు ఆవైతే ఇంకా కుదరదు, అది తొలిచూలు ఈనేసరికే మూడున్నర, నాలుగు దాటుతుంది. కాబట్టి అమ్మేవాడు పళ్లు ఎన్ని అంటాడో, ఈతలు ఎన్ని అంటాడో విడివిడిగా అడగండి. రెండూ ఒకదానికొకటి పొసగకపోతే రెండిట్లో ఒకటి అబద్ధం. నా అనుభవంలో ఎక్కువసార్లు రెండూ అబద్ధాలే.

నోరు మాత్రం మీరే పట్టండి, అది కుదరకపోతే మీతో వచ్చినవాళ్లు పట్టాలి. ఎదురుగా నిలబడొద్దు. మెడ పక్కన నిలబడి ఒక చెయ్యి ముఖం మీదుగా వేసి ముక్కు దూలాన్ని వేళ్లతో పట్టుకుంటే తల నిలుస్తుంది. రెండో చేత్తో కింది పెదవిని దించండి. నోరంతా తెరవాల్సిన పని లేదు, నాలుక లాగాల్సిన పని అంతకంటే లేదు. పెదవి దించితే ముందుపళ్లు ఎనిమిదీ కనిపిస్తాయి. అమ్మేవాడే పట్టి చూపిస్తానంటే, సరే చూపించమనండి, కానీ బొటనవేలు పక్కకు తీయమనండి.

పాలపన్ను ఏదో, అసలు పన్ను ఏదో తేడా తెలియకపోతే ఈ లెక్కంతా వృథా. పాలపన్ను చిన్నది, సన్నది, తెల్లగా మెరుస్తుంది. అసలు పన్ను దాదాపు రెండింతల వెడల్పుతో పార ఆకారంలో ఉంటుంది, రంగు కాస్త పసుపు, ముందువైపు నిలువు గీతలు చేతికి తగులుతాయి. పడుచు పశువులో రెండూ పక్కపక్కనే ఉంటాయి కాబట్టి పోల్చుకోవడం తేలికే. చిక్కు వచ్చేది ముసలిదాని దగ్గర. బాగా అరిగిన పళ్లు సన్నటి గూటాల్లా అయిపోతాయి, మధ్యలో సందులు పడతాయి. తొందరగా చూస్తే పాలపళ్లేనేమో అనిపిస్తుంది. అప్పుడు నేను చూసే గుర్తు ఒకటే. పడుచు పశువు నోట్లో నడిమి పళ్లు పెద్దవి, చివరివి చిన్నవి. ముసలిదాంట్లో తిరగబడుతుంది. ముందు వచ్చిన నడిమి పళ్లు ఎక్కువ అరిగి పొట్టిగా ఉంటాయి, చివర వచ్చినవి ఎత్తుగా ఉంటాయి. నా ఎర్రావు నోరు సరిగ్గా అలాగే ఉంది. చివరి పళ్లు వేళ్ల కింద ఉంటే నడిమివి దేంతో పోల్చుకుంటాం?

ఎనిమిదీ వేశాక ఇక చెప్పగలిగేది అరుగుదలను బట్టే. నడిమి జత పైభాగం ఆరేళ్ల దగ్గర చదునవుతుంది, పక్క జత ఏడు దగ్గర, మూడోది ఎనిమిది దగ్గర, చివరిది తొమ్మిది పదికి. ఆ పైన పళ్ల మెడలు బయటపడతాయి, సందులు పడతాయి. కానీ ఇసక నేలలో, మొదళ్లు కొరుక్కుని మేసిన పశువు పళ్లు తొందరగా అరుగుతాయి. కొట్టంలో మెత్తని మేత తిన్నదానివి అంతగా అరగవు. అందుకే ఐదేళ్ల లోపు ఆరు నెలలు అటూ ఇటూగా చెప్పొచ్చు. ఆ తర్వాత ఏడాది, రెండేళ్లు తేడా రావచ్చు. వీడియోల్లో ఒక్క చూపుతో "ఏడేళ్ల నాలుగు నెలలు" అని చెప్పేవాళ్లను చూస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది. పళ్లలో నెలలు రాసి ఉండవు.

అమ్మేవాళ్లకు కొమ్ములంటే ఇంకో అవకాశం. ఆవు కొమ్ము మొదట్లో వలయాలు పడతాయి. ఈతలప్పుడు మేత సరిపోక కొమ్ము పెరుగుదల తగ్గడం వల్ల పడేవి ఎక్కువ. మొదటి వలయం మూడేళ్ల దగ్గర వస్తుందనుకుని, వలయాల సంఖ్యకు రెండు కలిపి వయసు చెప్తారు. ఇది మోటు లెక్కే, కరువు వచ్చినా జబ్బు చేసినా వలయం పడుతుంది. అయినా అమ్మేవాళ్లకు ఈ లెక్క తెలుసు కాబట్టి ఆకురాయితో వలయాలు గీకేసి పైన నూనె రాస్తారు. నా ఆవు కొమ్ముల నిగనిగ అదే. తర్వాత చేత్తో తడిమితే కొమ్ము మొదట్లో, వెంట్రుకల కింద, గీకిన గరుకు తగిలింది. కొమ్ము నున్నగా ఉంటే సంతోషపడకండి, మొదలు దగ్గర వేలు పెట్టి తిప్పండి.

పళ్లు బాగున్నంత మాత్రాన పాలావు బాగున్నట్టు కాదు, పాలావును పొదుగు దగ్గరే కొనాలి. సంతకు తెచ్చే ముందు ఒక పూట, రెండు పూటలు పితక్కుండా వదిలేస్తారు. పొదుగు కుండలా బిగుస్తుంది, చూసినవాడు ముచ్చటపడిపోతాడు. మీరు అక్కడే ఒకసారి పూర్తిగా పితికించండి. మంచి పొదుగు పాలు తీశాక ఖాళీ సంచిలా ముడుచుకుపోతుంది. తీశాక కూడా గట్టిగా, రాయిలా చేతికి తగులుతుంటే పాతబడిన పొదుగువాపు ఉన్నట్టే. నాలుగు చన్నులూ విడివిడిగా పిండండి. మొదటి ధారను అరచేతిలోనో నల్లటి గుడ్డ మీదో పట్టి చూడండి, ముక్కలు, నీళ్లలా విరిగిన పాలు, రక్తపు చారలు కనిపిస్తే ఇక మాట్లాడొద్దు. "ఆ చన్ను మొదట్నుంచీ సన్నగానే వస్తుందండీ" అంటే అది ఎండిపోయిన చన్ను అని అర్థం. నిజానికి ఎన్ని పాలు ఇస్తుందో తెలియాలంటే ఒక పూట చాలదు, ఆ పశువున్న ఇంటికి వెళ్లి వరసగా రెండు మూడు పూటలు దగ్గరుండి చూడాలి. అందుకు ఒప్పుకోనివాడి మాట నమ్మకండి. ఇంజక్షన్ ఇస్తే తప్ప చేపని ఆవులు కూడా ఉంటాయి, అది కూడా దగ్గరుండి చూస్తేనే బయటపడుతుంది.

పక్కనున్న దూడ దాని దూడేనా అన్నదీ చూడాలి. అప్పుడే ఈనిందని చెప్పడానికి ఎవరి దూడనో తెచ్చి కట్టేస్తారు. దూడను విప్పి వదలండి. తల్లి వాసన చూసి నాకుతుందా, కాలు విదిలిస్తుందా అన్నది నిమిషంలో తెలిసిపోతుంది. నా ఎర్రావు దూడ దానిదే, అది మాత్రం నిజం చెప్పారు. సూడి ఆవని అమ్మితే డాక్టరు చెయ్యి పెట్టి చూస్తేనే నమ్మండి, కడుపు పెద్దగా ఉందని కాదు. ఉప్పు పెట్టి కడుపునిండా నీళ్లు తాగించినా కడుపు పెద్దగానే ఉంటుంది. పాలావుకు బ్రూసెల్లా రక్తపరీక్ష తప్పకుండా చేయించండి. ఈసుకుపోయే జబ్బు అది, పాల ద్వారా మనుషులకూ అంటుతుంది. పైకి ఏ గుర్తూ ఉండదు, పళ్లు చూస్తే తెలిసేదీ కాదు.

ఇక మేకలు. వీటి నోరు కూడా ఆవు నోరులాగే, కింద ఎనిమిది, పైన ఖాళీ. కాలం మాత్రం చిన్నది. మొదటి జత ఏడాది దాటి ఒకటి రెండు నెలలకు, రెండోది ఏడాదిన్నర నుంచి రెండేళ్ల మధ్య, మూడోది రెండు రెండున్నరేళ్ల దగ్గర, నాలుగోది మూడు అటూ ఇటూగా. జతకు ఏడాది అని గుర్తుపెట్టుకుంటే చివర్లో ఓ ఏడాది ఎక్కువే చెప్తారు గానీ మోసపోరు. పెదవి కొంచెం పక్కకు తీస్తే చాలు, మేక నోరు పూర్తిగా తెరవక్కర్లేదు. పిల్ల మేకని దవడ కింద పట్టుకుని పెదవిని బొటనవేలితో నెట్టండి.

మేకల దగ్గర నేను తిన్న దెబ్బ వేరే రకం. "ఆరు పళ్లు" అన్నారు, లెక్కపెట్టాను, నిజంగానే ఆరు. కానీ ఆరు పళ్ల మేకకు చివర్లో రెండు బుల్లి పాలపళ్లు ఉండాలి కదా. దీనికి చివర్లో ఉన్నవి పెద్దవే, మధ్యలో రెండు చోట్ల ఖాళీ. అంటే ఎనిమిదీ వేసి, వాటిలో రెండు ఊడిపోయిన ముసలి మేక. ఎన్ని పళ్లున్నాయన్నది కాదు, ఏవి లేవన్నది చూడాలి. ఖాళీ ఉన్న చోట వేలితో తడిమితే కొత్త పన్ను మొన తగులుతుందా, మెత్తటి చిగురే తగులుతుందా అన్నది తేలిపోతుంది. కొత్త మొన తగిలితే పడుచుది, పన్ను మారుతోంది. చిగురే తగిలితే ముసలిది. ఆ మేక మరో రెండు ఈతలు ఈనింది గానీ మందతో పాటు మేయలేక ఎప్పుడూ వెనకబడేది.

మేకలో పళ్ల తర్వాత నేను చూసేది కంటి లోపలి రంగు. కింది రెప్పను బొటనవేలితో కిందికి లాగితే లోపలి పొర ఎర్రగా, గులాబీ రంగులో ఉండాలి. తెల్లగా, సున్నంలా ఉంటే కడుపులో రక్తం పీల్చే నట్టలున్నట్టు. దవడ కింద నీరు చేరి వాచినట్టుంటే అది ఇంకా ముదిరిన సంగతి. తోక కింద పేడ అంటుకుని తడిగా ఉందా, ముక్కు కారుతోందా, పెదవుల చుట్టూ పుండ్లున్నాయా, దవడ కింద, భుజం ముందు గడ్డలు తగులుతున్నాయా. ఇవన్నీ ఒక చెయ్యి తిప్పితే తెలిసేవే. వెన్నెముక మీద చెయ్యి వేసి చూడండి, బొచ్చు ఒత్తుగా ఉంటే కళ్లు మోసపోతాయి, వేళ్లు మోసపోవు. కొన్న పశువును మాత్రం తెచ్చిన రోజే మీ మందలో కలపకండి, ఇరవై ఒక్క రోజులు వేరే కట్టండి. గాలికుంటు, పారుడు లాంటివి సంతలోనే అంటుకుని ఇంటికొచ్చాక బయటపడతాయి. నేనొకసారి మూడు రోజులకే కలిపేసి పదకొండు మేకలు పోగొట్టుకున్నాను. ఆ కథ వేరే ప్రశ్న వస్తే చెప్తాను.

ఎర్రావు సంగతి అడుగుతారేమో. అమ్మేయమన్నారు అందరూ. నాకు చెప్పినట్టే ఇంకొకడికి నాలుగు పళ్లని చెప్పి అమ్మడానికి మనసొప్పలేదు. గడ్డి సన్నగా నరికి, తౌడులో నానబెట్టి పెడితే నమలగలిగింది. రెండేళ్లు పాలిచ్చింది, మళ్లీ ఈనింది కూడా. పోయినేడు సంతలో ఇంకో ఆవును చూశాను. అమ్మేవాడు "నాలుగు పళ్లు, రెండో ఈత" అన్నాడు. తనే నోరు పట్టబోతే, "ఆ బొటనవేలు కొంచెం పక్కకు తీస్తారా" అన్నాను. ఆయన నా వంక ఒక క్షణం చూసి, పెదవి వదిలేసి, "ఈ ఆవుకు ముందే బేరం కుదిరిపోయిందండీ" అంటూ పలుపు సర్దుకున్నాడు.